ఏ పేరుతో పిలిచినా పలికిన సర్వర్

ఆ రోజుల్లో ఎవరైనా ఫోన్ చేసి "మేడం, సైటు పని చేస్తలేదు" అంటే నాకు ఒళ్ళు మండేది. ఏ సైటు, ఏ పేజీ, ఏం నొక్కితే ఏం వచ్చింది అని అడిగితే ఒక్కరూ చెప్పేవారు కాదు. "ఏమో మేడం, వస్తలేదు" అనేవారు. రెండు వేల దశకం చివరి ఏళ్ళు. ఖమ్మం బస్టాండుకు దగ్గర్లో, కింద మందుల దుకాణం, పైన మా ఆఫీసు. రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, కరెంటు పోయినప్పుడల్లా కీచుమని అరిచే ఒక బ్యాటరీ పెట్టె. చుట్టుపక్కల బళ్ళకు, దుకాణాలకు, సంఘాలకు వెబ్‌సైట్లు చేసి పెట్టేవాళ్ళం. సర్వర్లు చూసుకోవడం నా పని. ప్రోగ్రాములు రాసేది నాకంటే ముందు చేరిన సహోద్యోగి. అతన్ని అన్నా అనేదాన్ని, అతను నన్ను చెల్లె అనేవాడు. ఆ పిలుపుల్లో ఉన్నంత సఖ్యత పనిలో ఉండేది కాదు.

మేం చేసిన సైట్లలో నాకు ఇష్టమైనది రక్తదాతలది. ఖమ్మంలో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న కుటుంబం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ సంఘాన్ని నడిపేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని భాయిసాబ్ అనేవారు, మేమూ అలాగే అనేవాళ్ళం. దుకాణం గల్లా పక్కనే ఒక పాత కంప్యూటర్ పెట్టుకుని, చీరల బేరం మధ్యలో రక్తం గ్రూపులు వెతికేవాడు. ఖమ్మం, వైరా, ఇల్లందు, కొత్తగూడెం, భద్రాచలం దాకా దాతల పేర్లు, ఊళ్ళు, ఫోన్ నంబర్లు అందులో ఉండేవి. వాళ్ళలో అమ్మాయిలు చాలామంది. ఆ నంబర్లు ఎవరికి పడితే వాళ్ళకు కనబడకూడదని, లాగిన్ అయినవాళ్ళకే జాబితా కనిపించేలా పెట్టాం. ఆసుపత్రుల్లో కొందరికి, సంఘంలో కొందరికి మాత్రమే పాస్‌వర్డులు ఉండేవి. భాయిసాబ్ ఖాతాతో అన్నీ చూడొచ్చు, అన్నీ మార్చొచ్చు.

గొడవ మొదట నవ్వులాటగానే వచ్చింది. ఒక ఉదయం భాయిసాబ్ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇదేం లొల్లి? రక్తం గావాలె అని రాసే కాడ ఎవడో రింగ్‌టోన్ గావాలె అని రాసిండు."

"ఎవరో తెలియక రాసుంటరు భాయిసాబ్."

"ఒక్కడు కాదమ్మా. నిన్న ముగ్గురు, ఇయ్యాల ఇద్దరు. గ్రూపు ఏంది అని ఉన్న కాడ సినిమా పేరు రాస్తున్నరు. నేనేం పాటల దుకాణం పెట్టిన్నా?"

నవ్వి ఊరుకున్నాను. అక్కడే ఆగి ఎందుకిలా అని ఒక్క గంట కూర్చుని ఉంటే తర్వాతి నెలంతా నాకు కలిసొచ్చేది. కూర్చోలేదు. ఆ చెత్త రిక్వెస్టులను తీసేసి ఇంకో పనిలో పడ్డాను.

వారం తిరక్కుండా అసలు ఫిర్యాదు మొదలైంది. లాగిన్ అయ్యి, మొదటి పేజీకి వచ్చి, దాతల జాబితా నొక్కితే మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతోందట. కొట్టి లోపలికి పోయాక బాగానే ఉంటుందట. ఇంకాసేపటికి మళ్ళీ అడుగుతోందట. కొత్తగూడెం నుంచి ఒకరు, ఇల్లందు నుంచి ఒకరు, భాయిసాబ్ అయితే రోజుకు నాలుగుసార్లు చెప్పేవారు. నేను నా కంప్యూటర్లో తెరిచి చూస్తే అంతా సక్రమంగా ఉండేది. ఫోన్ పెట్టేసిన మరుక్షణం వాళ్ళకు మళ్ళీ వచ్చేది.

"నీ సర్వర్‌ల ఏదో ఉంది చెల్లె," అన్నాడు అన్న, స్క్రీన్ మీద నుంచి కళ్ళు తీయకుండా.

"నా సర్వర్‌ల ఏముంటది? లాగిన్ రాసింది నువ్వు."

"నా కోడు ఆర్నెల్ల సంది గట్లనే ఉంది. మారలే. మరి ఇప్పుడెట్ల పాడైతది?"

సర్వర్ గడియారం చూశాను. డిస్కు నిండిందేమోనని చూశాను. లాగిన్ వివరాలు దాచే ఫోల్డరును ఖాళీ చేసి చూశాను. సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ప్రతిసారీ ఒక పూట బాగుండేది, నేను అన్న వైపు గర్వంగా చూసేదాన్ని, సాయంత్రానికల్లా భాయిసాబ్ ఫోన్ వచ్చేది. పది రోజులు ఇలా గడిచాయి. మా ఇద్దరి మధ్య మాటలు తగ్గిపోయాయి. టీ తాగడానికి కూడా వేరువేరుగా దిగేవాళ్ళం.

చివరికి విసుగు తట్టుకోలేక నేనే భాయిసాబ్ దుకాణానికి వెళ్ళి ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక పెళ్ళివారు పట్టుచీరలు చూస్తున్నారు. ఆయన వాళ్ళకు చీరలు పరిచి చూపిస్తూ, మధ్యలో వచ్చి మౌస్ నొక్కుతూ, మళ్ళీ వెళ్తూ ఉన్నాడు. నేను కళ్ళార్పకుండా తెర చూస్తున్నాను. మూడోసారి ఆయన దాతల జాబితా నొక్కగానే పాస్‌వర్డ్ పేజీ వచ్చింది.

"సూసినవా? సూసినవా?" అన్నాడు, నన్ను సాక్షిగా పట్టుకున్నట్టు.

నేను చూసింది పాస్‌వర్డ్ పేజీని కాదు. పైన అడ్రసు పట్టీలో ఉన్న పేరును. అది మా సైటు పేరు కాదు. ఏదో రింగ్‌టోన్ల సైటు పేరు. లోపల ఉన్నది మాత్రం మా పేజీయే. అదే ఎర్ర చుక్క బొమ్మ, అదే అక్షరాలు.

ఇక మీద పైన పేరు చూసి నొక్కమని భాయిసాబ్‌కు చెప్పి లేచాను. ఆఫీసుకు వచ్చేసరికి విషయం సగం అర్థమైంది. మిగతా సగం సర్వర్ లాగ్‌లో దొరికింది. ఎవరు వచ్చారు, ఏ పేజీ అడిగారు అన్నది లాగ్ రాసుకుంటుంది కానీ, ఏ సైటు పేరు చెప్పి అడిగారన్నది మామూలుగా రాయదు. బ్రౌజర్ పేజీ అడిగేటప్పుడు "హోస్ట్" అని ఒక వరుస పంపుతుంది. నాకు ఫలానా పేరున్న సైటు కావాలి అని దాని అర్థం. ఒకే సర్వర్‌లో పది సైట్లు ఉంటే ఏది ఇవ్వాలో తేల్చుకునేది ఆ వరుస చూసే. ఆ వరుసను కూడా లాగ్‌లో రాయమని సెట్టింగు మార్చి, గంట ఆగి తెరిచాను. మా సైటు పేరు ఉంది. మధ్య మధ్య రింగ్‌టోన్ల పేరు ఉంది. అక్కడక్కడ ఉత్త నంబరు ఉంది, అంటే పేరు లేకుండా మా సర్వర్ ఐపీ అడ్రసుతోనే అడిగినవి. ఎప్పుడూ వినని పేర్లు ఇంకో రెండున్నాయి.

మా సర్వర్ ఐపీ అడ్రసు మాకంటే ముందు రింగ్‌టోన్ల సైటుదట. వాళ్ళు ఇంకో చోటికి మారి, ఈమధ్యే అక్కడా దుకాణం మూసేసి, పోతూ పోతూ తమ పేరును మళ్ళీ ఈ పాత నంబరు వైపు తిప్పి వదిలేశారట. పాటల కోసం వాళ్ళ పేరు కొట్టినవాళ్ళంతా మా దగ్గర దిగుతున్నారు. మేం చేసిన మిగతా సైట్లు వేరే సర్వర్లలో ఉండేవి, ఈ వెబ్ సర్వర్‌లో ఉన్నది రక్తదాతలది ఒక్కటే. ఏ పేరుకూ పొంతన కుదరని రిక్వెస్టు వస్తే, సెట్టింగుల్లో మొదట రాసిన సైటుకు పంపడం ఆ వెబ్ సర్వర్ పద్ధతి. మొదటిదీ చివరిదీ మాదే గనక ఎవరు ఏ పేరు చెప్పినా "రండి, కూర్చోండి" అనేది. ఆ సెట్టింగు రాసింది నేనే.

అన్న పాలు కూడా తక్కువ లేదు. పేజీలోని లింకులకు సైటు పేరు కావలసి వచ్చినప్పుడల్లా, వచ్చిన రిక్వెస్టులోని హోస్ట్ పేరునే తీసుకుని అతికించేలా రాశాడు. పైగా సర్వర్ మీద భారం తగ్గాలని, మొదటి పేజీని పది నిమిషాలకోసారి తయారుచేసి దాచిపెట్టి, అందరికీ అదే చూపించేవాడు. ఆ పది నిమిషాల మొదట్లో వచ్చినవాడు పాటల కోసం వచ్చినవాడైతే, దాచిన పేజీలో లింకులన్నీ రింగ్‌టోన్ల పేరుతోనే తయారయ్యేవి. ఆ తర్వాత వచ్చిన భాయిసాబ్ దాన్నే చూసి, దాన్నే నొక్కి, ఆ పేరు మీదికి పోయేవాడు. ఒక పేరు మీద ఇచ్చిన లాగిన్ గుర్తును బ్రౌజర్ ఇంకో పేరుకు చూపించదు. అందుకే మళ్ళీ పాస్‌వర్డ్. నేను సర్వర్‌ను ఆపి పెట్టినప్పుడల్లా పూట బాగుండటం వట్టి కాకతాళీయం.

అన్నను పిలిచి చూపించాను. చాలాసేపు చూశాడు.

"అవ్," అన్నాడు చివరికి. "గట్లనే అయితుంది."

"మరి?"

"మరేముంది, రెండు లైన్లు రాస్త. రింగ్‌టోన్ పేరుతోటి వస్తే మన పేరు మీదికి తిప్పి పంపుత."

"రేపు ఇంకో పేరుతోటి వస్తే?"

"గప్పుడు గది గూడ రాస్త."

నాకు కోపం ఆగలేదు. రానివ్వకూడని పేర్లు రాసుకుంటూ పోతే ప్రపంచంలో ఉన్న పేర్లన్నీ రాయాలి, రానివ్వవలసినవి రెండే, వాటినే రాసి మిగతా అన్నిటినీ వెబ్ సర్వర్ దగ్గరే తిప్పి కొడదాం, నీ ప్రోగ్రాము దాకా రానే వద్దు అన్నాను. అన్న ఒప్పుకోలేదు. పని చేస్తున్నదాన్ని కదిలిస్తే ఇంకేదో ఆగుతుందన్నాడు. మా ఓనర్ సార్‌ను అడిగితే, "ఇప్పుడు నడుస్తుంది గదా, నడవనియ్యి. కాలేజీ సైటు చూడు, వాళ్ళు దినాం ఫోన్ జేస్తున్నరు," అన్నాడు. అన్న రెండు లైన్లు రాశాడు. ఫిర్యాదులు ఆగాయి. గెలిచినవాడిలా మర్నాడు నాకు కూడా టీ తెప్పించాడు. తాగాను కానీ రుచించలేదు.

రింగ్‌టోన్ల పేరు ఎవరిదో వెతికి ఒక మెయిలు రాశాను, దయచేసి మీ పేరును మా నంబరు నుంచి తప్పించండి అని. జవాబు రాలేదు. ఎవడి పేరు వాడిష్టం, దాన్ని ఏ నంబరు వైపు చూపించినా మనం పట్టుకుని ఆపలేం.

మూడు వారాల తర్వాత, ఒక మధ్యాహ్నం, భాయిసాబ్ ఫోన్. ఈసారి గొంతులో లొల్లి లేదు.

"అమ్మా, పాస్‌వర్డ్ మార్చుకోమని నువ్వు మెయిలు పంపినవా?"

"లేదు భాయిసాబ్. మీరు మర్చిపోయిన్రా?"

"నేనెందుకు మరుస్త? నా బిడ్డ పేరే పెట్టిన."

అది ఫోన్లో చెప్పకూడదని ఇంకో రోజైతే కసిరేదాన్ని. మెయిల్లో ఉన్న లింకును ఒక్కొక్క అక్షరం చదవమన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా చదివాడు. నేను కాగితం మీద రాసుకున్నాను. మా సైటు పేరే, కానీ మధ్యలో ఒక అక్షరం రెండుసార్లు ఉంది. చెవికి ఒకటే. కాగితం మీద చూస్తే వేరు.

"నొక్కిన్రా?" అన్నాను.

"లేదమ్మా. మొన్న నువ్వే అన్నవు గద, పైన పేరు సూసి నొక్కమని. ఎందుకో పేరు జరంత లావుగ కనబడ్డది."

దాన్ని నొక్కకుండా అలాగే ఉంచమని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ మెయిలు దొంగది కాదు. మా సర్వర్ నుంచే, మా ప్రోగ్రామే పంపింది. ఎవరో మా సర్వర్‌కు వచ్చి, భాయిసాబ్ పేరు మీద "పాస్‌వర్డ్ మర్చిపోయాను" అని అడిగారు, హోస్ట్ వరుసలో మాత్రం తమ నకిలీ పేరు రాశారు. ఆ వరుస బ్రౌజరే రాయాలని రూలేం లేదు, ఎవరైనా చేత్తో ఏదైనా రాసి పంపొచ్చు. మా ప్రోగ్రాము ఆ పేరునే నమ్మి, పాస్‌వర్డ్ మార్చే రహస్యపు అంకెను దాని వెనక అతికించి, భాయిసాబ్‌కు బుద్ధిగా పంపించింది. ఆయన నొక్కి ఉంటే ఆ అంకె నేరుగా వాళ్ళ చేతికి పోయేది. దాంతో వాళ్ళు మా అసలు సైటుకు వచ్చి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని, దాతలందరి నంబర్లూ దింపుకునేవారు. అందులో ఇల్లందు హాస్టలు అమ్మాయిలవి, కొత్తగూడెం కాలేజీ అమ్మాయిలవి, నా చెల్లెలిది కూడా ఉంది.

లాగ్ తెరిచాను. ఆ రిక్వెస్టు ఉంది, పక్కన ఒక అక్షరం ఎక్కువున్న ఆ నకిలీ పేరు ఉంది. అన్నను పిలవలేదు, సార్‌నూ అడగలేదు. ముందు ఆ రహస్యపు అంకెను రద్దు చేశాను. తర్వాత సెట్టింగుల ఫైలు తెరిచి, మా సైటు కంటే పైన, అన్నిటికంటే మొదట, ఇంకో సైటు రాశాను. దానికి పేజీలు లేవు, ప్రోగ్రాము లేదు. వచ్చిన ప్రతి రిక్వెస్టుకూ అనుమతి లేదు అని చెప్పడమే దాని పని. దాని కింద మా సైటు రాసి, దాని పేరు, ముందు మూడు డబ్ల్యూలు ఉన్న పేరు, ఆ రెండే రాశాను. ఇక పేరు కలిస్తే మా సైటుకు, కలవకపోతే మొదటి దానికి. టెల్నెట్ అనే చిన్న ప్రోగ్రాముతో, బ్రౌజర్ లేకుండా నేరుగా సర్వర్‌కు కలిసి, హోస్ట్ వరుసను చేత్తో టైపు చేసి పరీక్షించాను. మా పేరు కొడితే పేజీ వచ్చింది. రింగ్‌టోన్ పేరు కొడితే నాలుగు వందల మూడు, అంటే అనుమతి లేదు. నకిలీ పేరు కొడితే నాలుగు వందల మూడు. ఉత్త ఐపీ నంబరు కొట్టినా, హోస్ట్ వరుస అసలు రాయకపోయినా నాలుగు వందల మూడే.

అప్పుడు అన్న ముందు భాయిసాబ్ చదివిన కాగితం పెట్టాను. చదివాడు. మొహం నల్లబడింది.

"నాకు జెప్పకుండనే మార్చినవా?" అన్నాడు.

"జెప్తే మళ్ళ రెండు లైన్లు రాస్తనంటవు."

అన్న కుర్చీని తన కంప్యూటర్ వైపు తిప్పుకున్నాడు. ఆ సాయంత్రం కూర్చుని తన ప్రోగ్రాములో లింకులన్నిటికీ సైటు పేరును ఒకే చోట స్థిరంగా రాసి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. సర్వర్ దగ్గర తలుపు వేసినంత మాత్రాన లోపలివాడు నిద్రపోకూడదు గదా అని అతనే అన్నాడు. నెల రోజుల్లో అతను అన్న మొదటి మంచి మాట అది.

కథ ఇక్కడితో అయిపోతే నేను గొప్పదాన్నయ్యేదాన్ని. మర్నాడు పదకొండు గంటలకు భద్రాచలం నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి ఒక ఆసుపత్రి రక్తం గదిలో పనిచేసే ల్యాబ్ టెక్నీషియన్. గోదావరి అవతల అడవి గూడెం నుంచి చదువుకుని ఉద్యోగానికి వచ్చిన మనిషి. సైటు వాడేవాళ్ళలో నన్ను ఎప్పుడూ విసిగించనిది ఆమె ఒక్కతే.

"మేడం, మీ సైటు అనుమతి లేదంటుంది. ఏంది మేడం ఇది? జల్దీ జెప్పుండ్రి. ఈడ బాలింత ఉంది. బి నెగెటివ్. మా దగ్గర లేదు."

వెనక ఎవరో ఏడుస్తూ కోయ భాషలో మాట్లాడుతున్నారు. ఆమె ఫోన్ పక్కకు తీసి వాళ్ళకు అదే భాషలో ఏదో సర్దిచెప్పి మళ్ళీ నా మీదికి వచ్చింది.

"ఏ పేరు కొట్టిన్రు?" అన్నాను.

"పేరేంది? టేబుల్ మీద బొమ్మ ఉంటది, దాన్నే నొక్కుత. మీ సారే పెట్టిపోయిండు."

అన్న వైపు చూశాను. అతను తలకొట్టుకున్నాడు. ఆ కంప్యూటర్‌లో ఒక్క మా సైటు తప్ప ఇంకేదీ తెరవరు గనక, పేర్లను నంబర్లుగా మార్చే ఏర్పాటు అందులో పెట్టకుండా, ఐపీ నంబరుతోనే, నేరుగా దాతల జాబితా తెరుచుకునేలా ఒక షార్ట్‌కట్ చేసి వచ్చేశాడు. ఎవరికీ చెప్పలేదు. లాగ్‌లో నంబరుతో వచ్చిన వరుసలను నేనూ చూశాను. నంబరుతో వచ్చేవన్నీ ఊరూరా సర్వర్ల తలుపులు తట్టే దొంగ ప్రోగ్రాములే అనుకున్నాను. చాలావరకు అవే. కానీ వాటి మధ్య రోజూ పగటిపూట, ఒకే పేజీకి, లాగిన్ అయ్యి మరీ వస్తున్న మనిషి ఒకరున్నారని నాకు తట్టలేదు. మూసేముందు ఎవరెవరు ఆ దారిన వస్తున్నారో లెక్కచూసుకోవాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

జాబితా నా తెర మీద తెరిచి, భద్రాచలం, పాల్వంచ, బూర్గంపాడు వైపు బి నెగెటివ్ ఎవరున్నారో ఒక్కొక్కరి నంబరు చదివాను. ఆమె రాసుకుంది. మొదటిది మోగలేదు. రెండో ఆయన హైదరాబాదులో ఉన్నాడు. మూడోది పాల్వంచలో లారీ నడిపే మనిషి. ఇంట్లోనే ఉన్నాడు, మోటారు సైకిలు మీద బయలుదేరాడు. ఈలోగా నేను మా సైటు పేర్ల కింద ఐపీ నంబరును కూడా తాత్కాలికంగా చేర్చి సర్వర్ చేత సెట్టింగులు మళ్ళీ చదివించాను. ఆమెకు సైటు తెరుచుకుంది. అంతా కలిపి అరగంట. ఆ అరగంటలో నేను ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో నాకే తెలియదు. సాయంత్రం ఫోన్ చేస్తే తల్లి తేరుకుందని, పాప బాగుందని చెప్పింది. చెప్పి, "గట్ల సెయ్యకుండ్రి మేడం," అని పెట్టేసింది.

అన్న స్థిరంగా పెట్టిన పేరుతో కొత్త ప్రోగ్రాము ఎక్కిస్తే ఆమె కంప్యూటర్‌లో లింకులన్నీ మళ్ళీ చచ్చిపోతాయి, ఆ మిషనుకు పేర్లే తెలియవు గనక. అందుకే మర్నాడు పొద్దున్నే కొత్తగూడెం మీదుగా భద్రాచలం బస్సెక్కాను. అన్న వస్తానన్నాడు. వద్దన్నాను, నాకింకా కోపం తగ్గలేదు. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు ఆకులు రాల్చి ఉన్నాయి. బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ ఎక్కడికి బిడ్డా అంటే, కంప్యూటర్ బాగు చెయ్యడానికి అన్నాను. "గంత దూరమా?" అంది. నిజమే, ఒక్క గడిలో నాలుగు అంకెలు నింపడానికి గంత దూరం.

రక్తం గది చిన్నది. ఫ్రిజ్ చప్పుడు, స్పిరిట్ వాసన. ల్యాబ్ టెక్నీషియన్ నన్ను చూసి కుర్చీ చూపించింది, నవ్వలేదు. సెట్టింగులు తెరిచి, పేర్లు విప్పే సర్వర్ అడ్రసు ఖాళీగా ఉన్న చోట సరైన అంకెలు నింపాను. మా సైటు పేరు కొట్టాను. తెరుచుకుంది. పాత షార్ట్‌కట్ తీసేసి పేరుతో కొత్తది పెట్టాను. ఆమె చేతే పదిసార్లు నొక్కించాను.

"మీరు జేసింది దేనికి మేడం?" అని అడిగింది. "ముందుగాల బాగనే నడిచె గద."

భాయిసాబ్‌కు వచ్చిన మెయిలు సంగతి చెప్పాను. తప్పుడు పేరుతో వచ్చినవాళ్ళకు జవాబు చెబితే దాతల నంబర్లన్నీ పోయేవని చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"నా నంబరు గూడ అండ్లనే ఉంది," అంది. కొత్త బొమ్మను ఇంకోసారి నొక్కి చూసి, "మంచిగనే జేసిన్రు. కానీ ముందు ఒక్క ఫోన్ జేస్తే ఏమైతుండె?"

నిజంగానే ఏమయ్యేది కాదు. తప్పు నాదే అన్నాను. అప్పుడు క్యాంటీన్ నుంచి టీ తెప్పించింది. తిరిగొచ్చాక నంబరును జాబితా నుంచి తీసేశాను, అన్న కొత్త ప్రోగ్రాము ఎక్కించాడు. ఆ రోజు నుంచి తిరగ్గొట్టిన రిక్వెస్టులకు విడిగా ఒక లాగ్ పెట్టి, పొద్దున రాగానే ముందు దాన్నే చదివేదాన్ని. రింగ్‌టోన్ల కోసం వచ్చేవాళ్ళు నెలల తరబడి వస్తూనే ఉన్నారు. అక్షరం ఎక్కువున్న నకిలీ పేరుతో ఇంకో రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నారు.

చలికాలంలో ఒక రోజు భాయిసాబ్ ఫోన్ చేశాడు. వెనక మైకు చప్పుడు, జనం.

"అమ్మా, ఇజ్జత్ పోతుంది. ఈడ మన సంఘం మీటింగుల స్టేజీ మీద డాక్టర్ సాబ్ ఉన్నడు. సైటు తెరుస్తనంటే అనుమతి లేదంటుంది."

"ఏ పేరు కొట్టిన్రు భాయిసాబ్?" అని అలవాటుగా అడిగాను.

కొత్త పేరట. పాతది పొడుగ్గా ఉందని ఎవరో చెబితే, తెలిసినవాళ్ళ చేత చిన్న పేరు ఒకటి కొనిపించి, మా నంబరు వైపు తిప్పించి, కరపత్రాలు అచ్చు వేయించి పంచేశాడు. మాకు ఒక్క మాట చెప్పలేదు. సర్వర్ తన పని తాను చేసింది.

"జెప్పాలె గద భాయిసాబ్!" అని అరిచాను. అన్న కుర్చీలో ఊగుతూ నవ్వుతున్నాడు. "నాకు తెల్వని పేరుతోటి వస్తే ఎట్ల రానిస్తది?"

"ఇంటోన్ని గూడ బయట నిలబెడ్తదా అమ్మా?"

"నిలబెడ్తది. ఉండుండ్రి, రెండు నిమిషాలు."

కొత్త పేరును చేర్చి, దానితో వచ్చినవాళ్ళను పాత పేరు మీదికే తిప్పేలా రాసి, సర్వర్ చేత సెట్టింగులు మళ్ళీ చదివించాను. ఫోన్లో చప్పట్లు వినిపించాయి. భాయిసాబ్ థాంక్స్ చెప్పడం మర్చిపోయి, ఫోన్ ఆపకుండానే జేబులో వేసుకున్నాడు. డాక్టరు గారి ఉపన్యాసం సగం దాకా విని, పెట్టేశాను.